వాడనిది ఏది? విండోస్ గిడ్డంగిలో పాత సామాను

హైదరాబాదు నుంచి ముంబయి రహదారి మీద పోతుంటే రామచంద్రాపురం, పటాన్‌చెరు దాటి సంగారెడ్డి చేరేదాకా ఎక్కడో ఒకచోట ఫ్యాక్టరీ గొట్టం కనబడుతూనే ఉంటుంది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వంటి పెద్ద కర్మాగారం ఉంది. పాశమైలారం, బొల్లారం వంటి చోట్ల లోపలి రోడ్లలోకి తిరిగితే పెద్దవాటికి విడిభాగాలు చేసిపెట్టే చిన్న చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. అటువంటి వర్క్‌షాపు ఒకటి మీ మామయ్యది అనుకోండి. అక్కడ ఒక సీఎన్‌సీ లేత్ ఉంది. అంటే, ఎంత లోతు కోయాలో, ఎంత వేగంతో తిరగాలో అంకెల్లో రాసి ఇస్తే దాని ప్రకారం ఇనుమును చెక్కే యంత్రం. ఆ అంకెలు దానికి అందించేది పక్కనే ఉన్న ఒక పాత కంప్యూటర్.

ఆ కంప్యూటర్‌లో డిస్కు 120 గిగాబైట్లది. అందులో ఖాళీ రెండు గిగాబైట్లే మిగిలింది. డిస్కు బొమ్మ కింది గీత ఎర్రగా మారింది. "కంప్యూటర్ సంగతులు నీకు తెలుసు కదా, అనవసరమైనవి తీసేసి కాస్త ఖాళీ చేసిపెట్టు" అన్నాడు మామయ్య.

సినిమాలూ, పాత ఫోటోలూ తీసేయడం ఎవరికైనా వచ్చు. అవన్నీ అయిపోయాక కన్ను విండోస్ ఫోల్డర్ మీద పడుతుంది. అందులో ఎవరూ చదవని భాషల ప్యాక్‌లు, ఎవరూ రాయని లిపుల ఫాంట్లు, ఎప్పుడో పారేసిన ప్రింటర్ తాలూకు డ్రైవర్లు ఉంటాయి. ఇవన్నీ "వాడనివే" కదా, తీసేస్తే పోలేదా అనిపిస్తుంది.

కొన్ని తీసేయవచ్చు. కాని ఆ "వాడనిది" అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. మన కంటికి కనబడకుండా వాడుకలో ఉన్నవి చాలా ఉన్నాయి. మనం పేరైనా వినని ఫైలు ఒకటి లేకపోతే రేపు ఉదయం లేత్ కదలకపోవచ్చు. కనుక ఒక్కొక్క దాన్నీ చేతిలోకి తీసుకుని చూద్దాం.

ఫాంట్లు: లాభం తక్కువ

C:\Windows\Fonts అనే ఫోల్డర్ తెరవండి. వందల ఫాంట్లు కనిపిస్తాయి. మీకు తెలిసినవి అందులో పదో పదిహేనో ఉంటాయి. మిగతావన్నీ తీసేస్తే చాలా జాగా మిగులుతుందని అనుకుంటారు. ఫోల్డర్ మొత్తం బరువు చూడండి, మామూలుగా కొన్ని వందల మెగాబైట్లు ఉంటుంది. వేలకొద్దీ అక్షరాలున్న చైనా, జపాన్ ఫాంట్లయితే ఒక్కొక్కటి పది ఇరవై మెగాబైట్లు ఉండవచ్చు. తక్కినవన్నీ చిన్నవి. కనుక విండోస్‌తో వచ్చిన ఫాంట్ల జోలికి పోయి సాధించేది పెద్దగా లేదు.

పోగొట్టుకునేది మాత్రం చాలా ఉంది. ఆ జాబితాలో Nirmala UI అనే పేరు వెదకండి. మీరు ఏనాడూ దాన్ని ఎంచుకుని ఒక్క ముక్కైనా టైపు చేసి ఉండరు. కాని మీ కంప్యూటర్ తెర మీద ఏ మూల తెలుగు కనిపించినా, ఫైలు పేరులో గాని, మెనూలో గాని, చాలాసార్లు ఆ అక్షరాలను గీసింది ఆ ఫాంటే. విండోస్ తన మెనూలకు సాధారణంగా వాడే Segoe UI అనే ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు. తెలుగు అక్షరం ఎదురుకాగానే విండోస్ "ఇది నా దగ్గర లేదు, ఎవరి దగ్గర ఉంది?" అని మరో ఫాంట్‌ను వెదుక్కుంటుంది. తెలుగుకూ, హిందీకీ, తమిళానికీ, కన్నడానికీ, ఇంకా మన దేశపు లిపులు చాలావాటికీ విండోస్ 8 నాటి నుంచి ఆ జవాబు నిర్మలే. అంతకు ముందు విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఆ పని గౌతమి అనే ఫాంట్ చేసేది.

ఫాంట్ అంటే అక్షరాల బొమ్మల పుస్తకం మాత్రమే కాదని కూడా తెలుసుకోవాలి. "శ్రీ" అని మీరు రాశారనుకోండి. కంప్యూటర్ దాన్ని ఒక్క అక్షరంగా దాచుకోదు. శ, పొల్లు గుర్తు, ర, గుడి దీర్ఘం అని నాలుగు సంఖ్యలుగా దాచుకుంటుంది. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో వాటి సంఖ్యలు వరుసగా 0C36, 0C4D, 0C30, 0C40. ఈ నాలుగూ ఒకదాని వెనుక ఒకటి వస్తే కలిపి ఏ ఆకారం గీయాలో చెప్పే నియమాలు ఫాంట్ లోపలే ఉంటాయి. తెలుగు ఫాంట్ ఒక్కటీ లేకపోతే ఆ నాలుగు సంఖ్యలూ క్షేమంగానే ఉంటాయి గాని, తెర మీద వరుసగా ఖాళీ డబ్బాలు కనబడతాయి. సెట్టింగ్స్‌లోని ఫాంట్ల పేజీలో నిర్మల వంటి వాటికి తీసివేసే బటన్ పనిచేయదు. విండోస్ వాటిని కాపాడుతుంది. ఆ కాపలాను బలవంతంగా దాటి తీసేసేవారు కూడా ఉన్నారు. డబ్బాలు కనబడ్డాక చేయదగిన పని, అడ్మినిస్ట్రేటర్ హక్కుతో కమాండ్ విండో తెరిచి ఇది రాయడం:

```
sfc /scannow
```

విండోస్ తన దగ్గర దాచుకున్న అసలు ప్రతులతో పోల్చి, పోయిన సొంత ఫైళ్లను తిరిగి పెడుతుంది.

బయటి నుంచి తెచ్చి పెట్టుకున్న ఫాంట్ల సంగతి వేరు. ఆటల సీడీతోనో, డిజైన్ సాఫ్ట్‌వేర్‌తోనో వచ్చిన అలంకార ఫాంట్లు తీసేయవచ్చు, నష్టం లేదు. కాని మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక గండం ఉంది. అవి పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు అచ్చువేసే డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి వాడిన "అను" ఫాంట్ల వంటివి. వాటిలో ఎక్కువ భాగం యూనికోడ్ కంటే పాత పద్ధతివి. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండవలసిన స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫైలులో ఉన్నది నిజానికి ఇంగ్లీషు గుర్తుల వరుస. ఆ ఫాంట్ వేషం వేసినంతసేపు అది తెలుగులా కనబడుతుంది. ఫాంట్ తీసేస్తే వేషం తొలగి, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. యూనికోడ్ తెలుగైతే ఒక ఫాంట్ పోతే మరో ఫాంట్‌తో చదువుకోవచ్చు. వీటికి ఆ అవకాశం లేదు. మామయ్య దగ్గర పాత బిల్లులో, కొటేషన్లో ఈ ఫాంట్లతో టైపు చేసినవి ఉన్నాయేమో అడగకుండా వాటిని ముట్టుకోవద్దు.

భాషా ప్యాక్‌లు

ఇక్కడ కాస్త తేలికగా ఊపిరి పీల్చుకోవచ్చు. భాషా ప్యాక్ అంటే విండోస్ మాట్లాడే మాటలను, అంటే బటన్ల మీద పేర్లనూ, హెచ్చరికలనూ మరో భాషలో చూపించే మూట. యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజనీరు తన సౌకర్యం కోసం జర్మనో, చైనా భాషో పెట్టుకుని, వెళ్లేటప్పుడు అలాగే వదిలేసి ఉండవచ్చు. ఇప్పుడు దాన్ని ఎవరూ చూడరు.

సెట్టింగ్స్‌లో భాషల పేజీ తెరిస్తే జాబితా వస్తుంది. ఒక్కో భాష కింద నిజానికి రెండు మూడు వేర్వేరు సరుకులు ఉంటాయి. తెర భాష ఒకటి, కీబోర్డు ఒకటి, చేతిరాతను గుర్తించడం, మాటను వినడం, చదివి వినిపించడం వంటివి ఇంకొన్ని. తెర భాషకూ, మాటలకు సంబంధించిన వాటికీ బరువు ఎక్కువ. అన్నీ కలిపితే భాషను బట్టి పదుల నుంచి వందల మెగాబైట్ల వరకు ఉంటుంది. కీబోర్డుకు మాత్రం దాదాపు బరువే లేదు. మీకు తెలుగు తెర అవసరం లేకపోయినా తెలుగు కీబోర్డు కావాలి అనుకుంటే, జాబితాలోంచి తెలుగునే పీకేయకండి. తెలుగు ఎంపికల్లోకి వెళ్లి అనవసరమైన సరుకు ఒక్కటే తీయండి. మొత్తం భాషను తీసేస్తే కీబోర్డు కూడా దానితోపాటే పోతుంది.

ప్రస్తుతం తెర మీద నడుస్తున్న భాషను తీసివేయనివ్వదు కనుక ఇక్కడ పెద్ద ప్రమాదం జరగడం కష్టం. ఒక్క విషయం చూసుకోండి. ఆ కంప్యూటర్‌లో మరో పేరుతో లాగిన్ అయ్యేవారు ఉంటే వారు ఏ భాష పెట్టుకున్నారో కనుక్కోండి. భాషా ప్యాక్ అందరికీ ఉమ్మడి ఆస్తి. పొరపాటున తీసేసినా ఇంటర్నెట్ ఉంటే మళ్లీ దిగుమతి చేసుకోవచ్చు. వర్క్‌షాపు కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఉండని సందర్భాలు ఉన్నాయి, అది మరచిపోకూడదు.

డ్రైవర్ల గిడ్డంగి

ఇప్పుడు అసలైన సరుకు దగ్గరకు వచ్చాం. కంప్యూటర్‌కు ప్రింటర్ భాష పుట్టుకతో తెలియదు. కెమెరా భాషా తెలియదు. ఒక్కో పరికరానికి ఒక్కో దుబాసీ కావాలి. ఆ దుబాసీ ప్రోగ్రామే డ్రైవర్. విండోస్ విస్టా నాటి నుంచి విండోస్ ఈ డ్రైవర్లకు ఒక గిడ్డంగి కట్టింది. దాని చిరునామా ఇది:

```
C:\Windows\System32\DriverStore\FileRepository
```

పరికరాన్ని పెట్టుకునేటప్పుడు విండోస్ మొదట ఆ డ్రైవర్ మూట మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. తరవాత మూట మొత్తాన్ని గిడ్డంగిలోకి చేరుస్తుంది. అప్పుడు గాని పరికరానికి తగిలించదు. ఇంత శ్రమ ఎందుకంటే, ఒకసారి సరిచూసిన మూట గిడ్డంగిలో ఉంటే, రేపు అదే పరికరాన్ని ఇంకో రంధ్రంలో గుచ్చినా సీడీ అడగకుండా, అడ్మినిస్ట్రేటర్‌ను పిలవకుండా పని జరిగిపోతుంది.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత మూటను విండోస్ వెంటనే పారేయదు. కొత్త డ్రైవర్ సరిగా పనిచేయకపోతే వెనక్కి మళ్లడానికి అట్టే పెడుతుంది. ఒకే పేరు గల మూటలు పక్కపక్కనే ఉండగలిగేలా ఒక్కో ఫోల్డర్ పేరు చివర అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి తోక తగిలిస్తుంది. అలా ఏళ్లు గడిచేకొద్దీ గిడ్డంగి నిండుతుంది. అందరికంటే బరువైనవి గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్లు. ఒక్కో వెర్షన్ ఒక గిగాబైటు దాటిపోవచ్చు. అలాంటివి ఐదారు పోగుపడితే మామయ్య డిస్కులో ఎర్రగీతకు కారణం దొరికినట్టే.

మరి ఫోల్డర్ తెరిచి పాతవి ఎంచుకుని డిలీట్ నొక్కితే పోదా? ఎట్టి పరిస్థితిలోనూ అలా చేయవద్దు. గిడ్డంగిలో ఏమేం ఉన్నాయో విండోస్ వేరుగా పద్దు రాసుకుంటుంది. మీరు మూటను ఎత్తుకుపోయినా పద్దులో అది ఉన్నట్టే ఉంటుంది. రేపు పరికరం వచ్చి అడిగితే విండోస్ లేని సరుకు కోసం తడుముకుంటుంది. అంతేకాదు, ఇటీవలి డ్రైవర్లు చాలావాటికి ఈ ఫోల్డర్ వట్టి గిడ్డంగి కాదు, పని చేసే చోటు కూడా ఇదే. నేరుగా ఇక్కడి నుంచే నడుస్తాయి.

ఇంకో సంగతి. గిడ్డంగిలో కనిపించే మూటల్లో వందలకొద్దీ విండోస్‌తోనే వచ్చినవి. మనం ఎన్నడూ చూడని కీబోర్డులకూ మౌసులకూ మోడెములకూ చెందినవి. వాటి ఫైళ్లు చాలావరకు డిస్కులో ఒకే చోట ఉండి, రెండు ఫోల్డర్లలో రెండు పేర్లతో కనబడతాయి. ఇంట్లో చిన్నోడు, బడిలో వెంకటేశ్వర్లు, మనిషి మాత్రం ఒక్కడే, అన్నట్టు. ఒక పేరు కొట్టేసినంత మాత్రాన జాగా ఖాళీ కాదు. ఫోల్డర్ బరువు చూపించే అంకె కూడా ఇందువల్లే కొంత మోసం చేస్తుంది. కనుక విండోస్ సొంత మూటలను వదిలేయండి. మనకు సంబంధించినవి బయటి నుంచి వచ్చినవి మాత్రమే. వాటికి విండోస్ oem అనే మాటతో మొదలయ్యే వరుస పేర్లు పెడుతుంది. ఆ జాబితా కావాలంటే ఇలా అడగాలి:

```
pnputil /enum-drivers
```

ఒక్కో మూటకు ఐదారు పంక్తుల వివరం వస్తుంది. విండోస్ పెట్టిన పేరు, తయారీదారు పెట్టిన అసలు పేరు, తయారీదారు ఎవరు, ఏ తరగతి పరికరం, తేదీ, వెర్షన్, సంతకం చేసినది ఎవరు అన్నవి అందులో ఉంటాయి. అసలు పేరు ఒకటే ఉండి వెర్షన్లు వేరైన మూటలు కనబడితే, అక్కడ పాత ప్రతులు పోగుపడ్డాయని అర్థం.

పాతదే పనికొచ్చిన కథ

మామయ్య కంప్యూటర్‌లో ఈ జాబితా వేస్తే గ్రాఫిక్స్ డ్రైవర్లు నాలుగు ప్రతులు కనబడ్డాయి అనుకోండి. వాటితోపాటు ఇలాంటివి రెండు కూడా కనబడ్డాయి:

```
Published Name:     oem7.inf
Original Name:      ser2pl.inf

Published Name:     oem23.inf
Original Name:      ser2pl.inf
```

అసలు పేరు రెండింటికీ ఒకటే. oem7 పాతది, oem23 కొత్తది. "పాతది తీసేద్దాం" అని చెయ్యి దురద పెడుతుంది. కాస్త ఆగండి.

సీఎన్‌సీ యంత్రాల్లో చాలావాటికి సమాచారం అందించే దారి ఆర్‌ఎస్-232 అనే సీరియల్ తీగ. ఈ ప్రమాణం మొదట వచ్చింది 1960లో. యంత్రం ఇరవై ముప్పై ఏళ్లు పనిచేస్తుంది గాని, కంప్యూటర్లు ఈలోగా ఎన్నో తరాలు మారాయి. కొత్త కంప్యూటర్లకు ఆ తొమ్మిది సూదుల సాకెట్ ఉండదు, యూఎస్‌బీ రంధ్రాలే ఉంటాయి. అందుకని మధ్యలో ఒక చిన్న మార్పిడి తీగ పెడతారు. దాని తలలో ఒక చిప్ ఉంటుంది. ఈ పనికి బాగా చలామణి అయిన చిప్‌లలో ప్రొలిఫిక్ అనే కంపెనీ వారి పీఎల్-2303 ఒకటి. ser2pl.inf దాని డ్రైవరే.

ఆ చిప్‌లో పాత రకాలకు నకిలీలు బజారులో విపరీతంగా వచ్చాయి. కంపెనీ పాత రకాల తయారీ ఆపివేసింది. తరవాత వచ్చిన కొత్త డ్రైవర్లు పాత రకం చిప్‌ను గుర్తుపట్టి, పని చేయడానికి నిరాకరిస్తాయి. చిప్ నకిలీదే కానక్కర లేదు, నిజమైన పాత చిప్‌కు కూడా అదే గతి. అప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం వచ్చి, పరికరం పేరు ఉండవలసిన చోట ఈ వాక్యం కనబడుతుంది:

```
PL2303HXA PHASED OUT SINCE 2012. PLEASE CONTACT YOUR SUPPLIER.
```

తీగ చెడిపోలేదు, లేత్ చెడిపోలేదు. కొత్త దుబాసీ పాత మనిషితో మాట్లాడనంటున్నాడు, అంతే. దీనికి మెకానిక్‌లు కనిపెట్టిన ఉపాయం తేలికైనది. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం మీద కుడి బటన్ నొక్కి, డ్రైవర్ మార్చే చోట "జాబితా నుంచి నేనే ఎంచుకుంటాను" అనే దారి పట్టి, గిడ్డంగిలో ఉన్న పాత వెర్షన్‌ను తగిలిస్తారు. తీగ పనిచేస్తుంది. మామయ్య కంప్యూటర్‌లో ఎవరో ఆ పనే చేసి వెళ్లారు. oem7 అందుకే ఇంకా అక్కడ ఉంది. ఆ మూట బరువు ఒక మెగాబైటుకు అటూ ఇటూ. దాన్ని తీసేస్తే డిస్కులో మిగిలేది ఏమీ ఉండదు, లేత్ మాత్రం ఆగిపోతుంది.

ఇక్కడ ఇంకో చమత్కారం కూడా ఉంది. యూఎస్‌బీ పరికరాల్లో కొన్నింటికి తమ సొంత క్రమసంఖ్య ఉంటుంది. దాన్నిబట్టి విండోస్ వాటిని ఏ రంధ్రంలో పెట్టినా "ఇది నిన్నటిదే" అని గుర్తిస్తుంది. ఈ రకపు తీగల్లో చాలావాటికి ఆ సంఖ్య లేదు. కనుక తీగను ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి మారిస్తే విండోస్ దాన్ని సరికొత్త పరికరంగా భావిస్తుంది. కొత్త పరికరానికి అన్నిటికంటే కొత్త డ్రైవరే తగిలిస్తుంది. ఫలితం, మళ్లీ పసుపు త్రికోణం. "కుడివైపు పెడితే పనిచేస్తుంది, ఎడమవైపు పెడితే పనిచేయదు" అని వర్క్‌షాపులో ఎవరైనా అంటే నవ్వకండి. వారు చెప్పేది అక్షరాలా నిజం. అప్పుడు కూడా చేయవలసింది జాబితా నుంచి పాతదాన్ని ఎంచుకోవడమే. అందుకు పాతది గిడ్డంగిలో ఉండి తీరాలి.

విండోస్‌లోని డిస్క్ క్లీనప్ అనే శుభ్రం చేసే పనిముట్టులో పరికరాల డ్రైవర్ మూటలకు ఒక గడి ఉంది. దాని సూత్రం, కొత్తది ఉంచి, అవసరం తీరిన పాతవి తీసేయడం. ఇంటి కంప్యూటర్‌కు అది చక్కని సూత్రమే, నిశ్చింతగా వాడవచ్చు. పాత మార్పిడి తీగలున్న వర్క్‌షాపు కంప్యూటర్‌లో మాత్రం ఆ గడిని ఖాళీగా వదిలి, చేత్తో ఒక్కొక్కటి తీయడమే మేలని నా అభిప్రాయం.

చేత్తో తీయడం ఎలా?

మొదట అన్నిటికీ ఒక నకలు తీసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోనో, మరో డిస్కులోనో drivers అని ఖాళీ ఫోల్డర్ ముందుగా తయారుచేసి, కమాండ్ విండోను అడ్మినిస్ట్రేటర్ హక్కుతో తెరిచి ఇలా రాయండి. మీ పెన్‌డ్రైవ్ అక్షరం డి కాకపోతే దాన్ని మార్చుకోండి.

```
pnputil /export-driver * D:\drivers
```

బయటి నుంచి వచ్చిన మూటలన్నీ అక్కడికి నకలు అవుతాయి. గ్రాఫిక్స్ మూటలు ఎక్కువగా ఉంటే పెన్‌డ్రైవ్‌లో చాలినంత జాగా ఉండాలి.

తరవాత డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో దాగిన పరికరాలను కూడా చూపించమనండి. ఇప్పుడు గుచ్చి లేని పరికరాలు మసక బొమ్మలుగా కనిపిస్తాయి. వారానికి ఒకసారి వాడే బార్‌కోడ్ ప్రింటరూ, నెలకోసారి వచ్చే ఆడిటర్ డిజిటల్ సంతకపు డాంగిలూ ఆ మసక బొమ్మల్లోనే ఉంటాయి. ఈ జాబితా దగ్గర పెట్టుకుని మామయ్యను ఒక్కొక్కటి అడగండి. కంప్యూటర్‌కు తెలియని సంగతి ఆయనకు తెలుసు, ఏ ప్రింటర్ తిరిగి రాదో, ఏది బాగుచేయడానికి వెళ్లిందో.

ఆ తరవాత గ్రాఫిక్స్ మూటల్లో కొత్తదాన్నీ, దాని ముందరిదాన్నీ అలా ఉంచి, మిగిలిన రెండింటినీ ఒక్కొక్కటిగా తీయండి. ఒకటి oem12.inf అనుకుంటే:

```
pnputil /delete-driver oem12.inf
```

ఈ ఆజ్ఞలో మంచి గుణం ఒకటి ఉంది. ఆ మూటతో పెట్టుకున్న పరికరం ఏదైనా ఉంటే, అది ఈ క్షణాన గుచ్చి లేకపోయినా సరే, విండోస్ తీయడానికి ఒప్పుకోదు. ఈ ఐఎన్‌ఎఫ్‌తో పెట్టిన పరికరాలు ఉన్నాయని చెప్పి ఆగిపోతుంది. పొరపాటున మీరు oem7ను తీయమన్నా ఈ జవాబే వస్తుంది. ఆ జవాబును అడ్డంకిగా కాక, సమాచారంగా తీసుకోండి. ఆజ్ఞ చివర /force అని చేరిస్తే వినక తప్పదు గాని, అప్పుడు విండోస్ ఇచ్చిన హెచ్చరికను మీరే చెరిపేసినట్టు. గిడ్డంగిని బొమ్మల్లో చూపించే బయటి ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వాటిలోనూ బలవంతంగా తీసే గడి ఉంటుంది. దాన్ని కూడా ఖాళీగానే ఉంచండి.

ఈ రక్షణకు ఒక హద్దు ఉందని గమనించారా? ఎవరైనా డివైస్ మేనేజర్‌లో ఆ మసక బొమ్మలను పనికిరానివనుకుని ముందే తీసేసి ఉంటే, మూటను వాడే పరికరం లేదని విండోస్ నమ్ముతుంది. అప్పుడు oem7 మారుమాట లేకుండా పోతుంది. అందుకే మసక బొమ్మలను శుభ్రం చేసి, ఆ తరవాత డ్రైవర్లను శుభ్రం చేయడం అనే వరుస మంచిది కాదు.

రెండు గ్రాఫిక్స్ మూటలు పోయాయి. ఒక్కొక్కటి గిగాబైటు పైబడినవే అయితే డిస్కులో ఖాళీ రెండు నుంచి నాలుగు గిగాబైట్లు దాటి ఉంటుంది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయండి. తెర ఎప్పటిలా స్పష్టంగా ఉందా, ప్రింటర్ నుంచి ఒక కాగితం వస్తోందా చూడండి. లేత్ తీగను ఎప్పటి రంధ్రంలోనే గుచ్చి, డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం లేదని చూసుకోండి. పక్కన కుండలీకరణంలో ఉన్న COM సంఖ్య కూడా నిన్నటిదే అయి ఉండాలి. లేత్‌కు ప్రోగ్రాము పంపే సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్యనే నమ్ముకుని ఉంటుంది. సంఖ్య మారితే డ్రైవర్ బాగున్నా ప్రోగ్రాము పోదు. చివరకు ఒక చిన్న ప్రోగ్రామును యంత్రానికి పంపించి, అది అందుకున్నదో లేదో మామయ్యనే చూడమనండి. యంత్రాన్ని నడపడం మాత్రం ఆయన పని, మీది కాదు.

ఏదైనా పరికరం మొరాయిస్తే, తీసుకున్న నకలు నుంచి మూటలను ఇలా తిరిగి చేర్చవచ్చు:

```
pnputil /add-driver D:\drivers\*.inf /subdirs
```

పరికరానికి తగిలించడం కూడా విండోస్‌కే వదలాలంటే చివర /install చేర్చాలి. పాత మార్పిడి తీగ ఉన్నచోట అది చేర్చకపోవడమే మంచిది, ఎందుకంటే విండోస్ మళ్లీ కొత్తదాన్నే ఎంచుకోవచ్చు. మూటను గిడ్డంగిలోకి చేర్చి, తగిలించే పని డివైస్ మేనేజర్ జాబితాలో మీరే చేయండి. ఆ పెన్‌డ్రైవ్ మీద యంత్రం పేరూ, తేదీ రాసిన చీటీ అంటించి, లేత్ మాన్యువల్ ఉన్న బీరువాలోనే పెట్టమని మామయ్యకు చెప్పండి.